సమస్య - పరిష్కారం: కలిపి రాస్తే పేరు చెడిపోతున్న యూజర్‌నేమ్‌లు

సమస్య: బోర్డు మీద పేరు బాగానే ఉంది, ఇన్‌స్టాలో చూసినవాళ్ళు మాత్రం నవ్వుతున్నారు.

బెంగళూరు మారతహళ్ళిలో ఎవరో "శశి టిఫిన్స్" పెట్టి, `sashitiffins` అని యూజర్‌నేమ్ తీసుకున్నారనుకోండి. పేరు ముందే తెలుసు కాబట్టి మన కంటికి శశి, టిఫిన్స్ తప్ప ఇంకేమీ కనపడవు. తెలియనివాళ్ళకి మాత్రం మధ్యలో `shit` కనపడుతుంది, అదీ తిండి అమ్మే చోట.

కారణం అతుకులో ఉంది. మొదటి మాట `shi`తో ముగిసి, రెండోది `t`తో మొదలైంది, మధ్యలో ఖాళీ పోయింది. `shashi` అని స్పెల్లింగ్ మార్చినా అదే గతి. ఇన్‌స్టా యూజర్‌నేమ్‌లో పెద్దక్షరాలు ఉండవు కాబట్టి వాటితో విడదీసే దారి కూడా లేదు.

చాలామంది చుక్క పెట్టి `sashi.tiffins` అంటారు. నాకది నచ్చదు, ఎందుకంటే ఎక్స్‌లో చుక్క ఒప్పుకోరు, హ్యాష్‌ట్యాగ్ అయితే చుక్క దగ్గరే తెగిపోతుంది, ఫోన్లో పేరు చెప్పేటప్పుడు చుక్క సంగతి ఎవరూ చెప్పరు. అతుకునే మార్చేయండి: `sashivaritiffins`. మన "వారి" మధ్యలోకి రాగానే బూతు పోయింది. ఇన్‌స్టాలో 30 అక్షరాల దాకా పడతాయి, ఎక్స్‌లో 15 మాత్రమే, ఇది 16. చివరి s తీసేసి రెండు చోట్లా `sashivaritiffin` అనే పెట్టుకోండి, ఒకే పేరైతే వెతికేవాళ్ళకి సులువు.

సమస్య: అతుకు బాగుంది, అయినా తమిళవాళ్ళు పేరు వినగానే అదోలా చూస్తున్నారు.

మేడ మీద మొక్కలు పెంచి అమ్మేవాళ్ళు `manamokka` అని పెడితే మనకెంత ముద్దుగా ఉంటుందో! కానీ చెన్నై మాటల్లో మొక్క అంటే బోరు కొట్టేది, పస లేనిది. బెంగళూరులో ఏ అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టినా తమిళవాళ్ళు తప్పకుండా ఉంటారు.

ఇక్కడ చుక్కలు, గీతలు ఏమీ చెయ్యలేవు, మాటే మార్చాలి. `manathota` అయితే కన్నడలోనూ తోటే, తమిళవాళ్ళకీ తమ తోట్టం గుర్తొస్తుంది.

పేరు ఖాయం చేసేముందు అన్నీ చిన్నక్షరాల్లో, ఖాళీ లేకుండా టైప్ చేసి, మీ వ్యాపారం సంగతి తెలియని ఒక కన్నడిగుడికీ ఒక తమిళుడికీ ఒక హిందీవాడికీ చూపించి పైకి చదవమనండి. అర్థం చెప్పకండి, చెబితే వాళ్ళ కన్నూ మన కన్నులాగే చూస్తుంది. చదువుతూ ఎక్కడైనా ఆగినా, నవ్వు ఆపుకున్నా ఏం కనపడిందో అడగండి. మొహమాటానికి వెంటనే చెప్పరు, కాస్త గుచ్చి అడగాలి.

ఇప్పటికే వాడుతున్న పేరైతే మార్చాక పాత లింకు పనిచేయదు, బిల్లుల మీద, క్యారీ బ్యాగుల మీద అచ్చు వేయించినవి కూడా మార్చుకోవాలి. పాత పేరు వేరేవాళ్ళు తీసుకునే వీలుంది, అందుకే కొత్త పేరు సంగతి పాత కస్టమర్లకి వాట్సాప్‌లో ముందే చెప్పేయండి.