ప్రోగ్రెస్ కార్డులో ‘వీక్’ అని రాసే ముందు

‘లెక్కల్లో వీక్. శ్రద్ధ లేదు. ఇంట్లో చదివించండి.’ నేనూ చాలా ఏళ్లు ఇదే రాశాను. ఆ కార్డు చూసి పిల్లాడికి నాలుగు తగిలించడం తప్ప అమ్మానాన్నలు ఏం చేయగలరు?

ఇప్పుడు రిమార్కు రాసే ముందు ఆన్సర్ పేపర్ తీసి, తప్పు ఎక్కడ మొదలైందో చూస్తాను. మొన్న నాలుగో తరగతి బాబు ఒకడు 52 − 27 = 35 అని వేశాడు. 2లోంచి 7 పోదు కాబట్టి, తిప్పేసి 7లోంచి 2 తీశాడు. అప్పు తెచ్చుకోవాల్సిన ప్రతి లెక్కలోనూ అదే తప్పు. అంటే శ్రద్ధ లేక కాదు, ఆ ఒక్క మెట్టు దగ్గర ఆగిపోయాడు.

అందుకే ఇలా రాశాను: ‘కూడికలు, అప్పు లేని తీసివేతలు సరిగ్గా చేస్తున్నాడు. అప్పు తెచ్చుకునే తీసివేతలు ఇంకా రావడం లేదు, మార్కులు అక్కడే పోయాయి. రోజూ పది నిమిషాలు పది రూపాయల నోట్లు, రూపాయి బిళ్లలతో చిల్లర మార్పించి చేయించండి. బడిలో నేనూ చేయిస్తాను.’

‘ఇంకా రావడం లేదు’ అన్న మాట మాత్రం తీసేయకండి. మెత్తగా రాయాలని దాన్ని దాచేస్తే, వచ్చే పరీక్షలో మార్కులు చూసి అమ్మానాన్నలు మనల్నే నిలదీస్తారు.