ఎం.సి.బి. ఊరికే పడిపోతుంటే, ఎక్కువ కరెంటు లాగే వస్తువును క్లాంప్ మీటర్‌తో ఎలా పట్టుకోవాలి?

విజయనగరం తోటపాలెంలో మా అక్క వాళ్లింట్లో పొద్దున్నే మోటార్ వేసి ఇండక్షన్ స్టవ్ మీద వంట మొదలుపెడితే, అరగంటకల్లా 16 ఆంప్స్ ఎం.సి.బి. పడిపోయేది. "పెద్ద ఎం.సి.బి. వేయించేద్దామా?" అని అడిగింది. వద్దన్నాను. వైరు పాతదే ఉంచి ఎం.సి.బి. మాత్రం పెంచితే, పడిపోవడం ఆగుతుంది గానీ గోడలోని వైరు కాలే ప్రమాదం ఉంది.

ముందు ఎం.సి.బి. పడే తీరు గమనించండి. స్విచ్ వేసిన వెంటనే టప్పున పడితే చాలావరకు షార్ట్ ఉన్నట్టే, అది వేరే పని. కాసేపు నడిచాక పడితే లోడ్ ఎక్కువైనట్టు. వైరు చుట్టూ పట్టి అందులో వెళ్లే కరెంటును కొలిచే క్లాంప్ మీటర్ అవసరం అక్కడే.

మీటర్ డయల్‌ను A~ గుర్తు దగ్గర పెట్టండి. దవడ తెరిచి, ఎం.సి.బి. నుంచి బయటికి వెళ్లే ఫేజ్ వైరు ఒక్కదాన్నే లోపలికి తీసుకుని, దవడ పూర్తిగా మూయండి. ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి పట్టుకుంటే ఒకదాన్నొకటి రద్దు చేసుకుని దాదాపు సున్నా చూపిస్తుంది. ఆ రెండూ కలిసి ఉండే వస్తువు వైరును అలాగే పట్టుకుని మీటర్ పాడైందనుకునేవాళ్లే ఎక్కువ. బోర్డు మూత తీస్తే లోపల కరెంటు ఉన్న భాగాలు బయటపడతాయి, కాబట్టి ఈ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

అన్నీ నడుస్తుండగా మాకు 19.8 ఆంప్స్ వచ్చింది. తర్వాత అన్నీ ఆపి, ఒక్కొక్కటే వేసి చూశాం. ఫ్రిజ్ 1, స్టవ్ 7.6, మోటార్ 12. విడివిడి అంకెలు కలిపితే మొత్తం రీడింగ్ కంటే కాస్త ఎక్కువ రావడం మామూలే, మోటార్లున్న చోట అలా ఉంటుంది. మోటార్ వేసిన క్షణంలో అంకె పైకెగిరి దిగుతుంది. అది లెక్కలోకి రాదు, నిమిషం ఆగి చదవండి.

ఇప్పుడు వస్తువు మీది లేబుల్‌తో పోల్చాలి. వాట్లను 230తో భాగిస్తే హీటర్, ఇస్త్రీపెట్టె లాంటివి లాగాల్సిన ఆంప్స్ వస్తాయి. 1800 వాట్ల స్టవ్‌కి 7.8, అంటే అది సరిగ్గానే ఉంది. మోటార్‌కి మాత్రం ఈ లెక్క కుదరదు, లేబుల్‌పై రాసిన ఆంప్స్‌నే చూడాలి. మా ఒక హెచ్‌పీ మోటార్ మీద 7 ఉంది, లాగుతున్నది 12. దొంగ దొరికాడు.

మోటార్‌ను తప్పుపట్టే ముందు వోల్టేజీ కూడా చూడండి. సాయంత్రం 180కి పడిపోయే ఊళ్లలో మంచి మోటార్ కూడా ఎక్కువ లాగుతుంది. మాకు 226 ఉంది, కాబట్టి తప్పు మోటార్‌దే. కరెంటు ఆపి షాఫ్ట్‌ను చేత్తో తిప్పితే తేలిగ్గానే తిరిగింది. ఇక అనుమానం కెపాసిటర్ మీదే. దాన్ని డిశ్చార్జ్ చేసి తీసి, అదే మైక్రోఫారడ్ అంకె ఉన్న కొత్తది వేయించాం. మళ్లీ క్లాంప్ పెడితే 7.2.