దసరా సేల్ మొదలయ్యేలోపు మీ షాపింగ్ ఖాతాలో ఏ ఫోన్ నంబరుందో చూడండి

దసరా ఆఫర్లు మొదలైతే రోజుకు పది మెసేజ్‌లొస్తాయి, ఆ గోలలో మనం పెట్టని ఆర్డర్ ఒకటి ఉన్నా కళ్లకు ఆనదు. అందుకే ఇప్పుడే యాప్ తెరిచి, ఖాతాలో ఉన్న మొబైల్ నంబరు ఇప్పుడు మీ చేతిలో ఉన్నదేనా అని చూడండి. కావలిలో మా బావ ఈ ఒక్కటి చూసుకోక ఇబ్బంది పడ్డాడు.

ఆయన పాత సిమ్‌కు రీచార్జ్ ఆపేసి ఏడాది దాటింది. అలా మూతపడ్డ నంబరును కంపెనీ కనీసం 90 రోజులు ఆగి ఇంకొకరికి ఇస్తుంది. ఆ కొత్త మనిషి షాపింగ్ యాప్‌లో తన నంబరు కొడితే, ఆ నంబరుతో ఖాతా ఉందని యాప్ ఓటీపీ పంపుతుంది. ఓటీపీ అతనికే వస్తుంది, తెరుచుకునేది మాత్రం బావ ఖాతా. దీనికి హ్యాకింగ్ ఏమీ అక్కర్లేదు. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా పనికిరాదు.

ఒకరోజు పొద్దున ఈమెయిల్ చూసి ఫోన్ చేశాడు. "ఏందిరా ఇది, ఇయర్‌బడ్స్ పంపించామంటన్నారు. నేనేం కొనలేదే!" చూస్తే రెండు ఆర్డర్లున్నాయి. ఒకటి గిఫ్ట్ బ్యాలెన్స్‌లోని 2,000 రూపాయలతో, ఇంకోటి పే లేటర్‌లో 3,400 రూపాయలతో. అడ్రస్ వేరే రాష్ట్రంలోది. కార్డు జోలికి పోలేదు, ఎందుకంటే మన కార్డులకు మామూలుగా బ్యాంకు ఓటీపీ కావాలి, అది బావ కొత్త నంబరుకే వస్తుంది. గిఫ్ట్ బ్యాలెన్స్, పే లేటర్ చాలాసార్లు ఏమీ అడక్కుండానే నడుస్తాయి. సేల్‌కు ముందు పే లేటర్ వాడనివాళ్లు దాన్ని ఆపేయడం మేలని నా అభిప్రాయం.

బావ వెంటనే క్యాన్సిల్ నొక్కబోయాడు. నేను ఆపాను. గిఫ్ట్ బ్యాలెన్స్‌తో కొన్నది క్యాన్సిల్ చేస్తే డబ్బు అదే ఖాతాలోకి వస్తుంది, అవతలివాడు లోపలే ఉంటే మళ్లీ వాడేస్తాడు. ముందు ఆర్డర్ నంబరు, అడ్రస్, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీశాం. తర్వాత ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చాం, ఎందుకంటే ఖాతా పాస్‌వర్డ్ రీసెట్ లింకు అక్కడికే పోతుంది. ఆపైన ఖాతాలో నంబరు మార్చి, పాస్‌వర్డ్ మార్చి, అన్ని ఫోన్ల నుంచి లాగౌట్ చేయించి, తెలియని అడ్రస్ తీసేశాం. అప్పుడు క్యాన్సిల్ నొక్కాం. పది నిమిషాలు కూడా పట్టలేదు. మీ యాప్‌లో ఆర్కైవ్ చేసిన ఆర్డర్ల జాబితా ఉంటే అది కూడా చూడండి, కొందరు ఆర్డర్‌ను అక్కడ దాచిపెడతారు.

ఖాతాలోకి అసలు వెళ్లలేకపోతే, ఇంట్లో వాళ్ల యాప్‌లోని హెల్ప్ నుంచి కస్టమర్ కేర్‌ను పట్టుకుని ఖాతాను లాక్ చేయమనండి. గూగుల్‌లో వెతికి దొరికిన నంబరుకు మాత్రం ఫోన్ చేయొద్దు. వాటిలో దొంగ నంబర్లుంటాయి, రీఫండ్ ఇస్తామని చెప్పి ఖాతాలో మిగిలింది కూడా ఊడ్చేస్తారు.

ఫిర్యాదులో "రిటర్న్" ఎంచుకోకండి. రిటర్న్ అంటే మీరే కొన్నట్టు, పైగా వస్తువు మీ దగ్గర లేదు. "ఈ ఆర్డర్ నేను పెట్టలేదు, నా అనుమతి లేకుండా వేరేవాళ్లు పెట్టారు" అని ఆర్డర్ నంబరుతో రాయండి. సమాధానం రాకపోతే ఆ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అప్పటికీ కదలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

పే లేటర్ అంటే మీ పేరున అప్పు. కాబట్టి షాపింగ్ కంపెనీకే కాకుండా, అప్పు ఇచ్చిన సంస్థకు కూడా విడిగా రాయాలి. లేకపోతే గడువు దాటిన బాకీగా సిబిల్‌లో పడుతుంది. బ్యాంకు కార్డు నుంచో ఖాతా నుంచో డబ్బు పోయి ఉంటే బ్యాంకు మెసేజ్ వచ్చిన రోజే బ్యాంకుకు చెప్పండి. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా జరిగిన మోసాన్ని 3 పనిదినాల్లోపు చెబితే నష్టం మీ మీద పడకూడదని రిజర్వు బ్యాంకు 2017లో ఆదేశించింది. ఓటీపీ మీరే ఎవరికైనా చెప్పి ఉంటే మాత్రం, ఫిర్యాదు చేసేదాకా పోయింది మీ నష్టమే. డబ్బు పోయిందని తెలియగానే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో రాసి రసీదు నంబరు దాచుకోండి.

బావకు ఇయర్‌బడ్స్ దారిలోనే ఆగి, పే లేటర్ బాకీ రద్దయింది. గిఫ్ట్ బ్యాలెన్స్‌తో కొన్నది వేరే గిఫ్ట్ కార్డు, ఆ కోడ్ అప్పటికే వాడేశారు. ఆ 2,000 తిరిగి రాలేదు. ఆ సాయంత్రమే కూర్చుని పాత నంబరు ఇంకా ఎక్కడుందో వెతికాం. గ్యాస్ బుకింగ్‌లో ఒకటి, ఇంకో రెండు షాపింగ్ యాప్‌లలో దొరికింది.