బయోడేటా ఫొటో నుంచి గెస్ట్ పరిచయం రాసిన విధానం

మా సివిల్ డిపార్ట్‌మెంట్‌కి గెస్ట్ లెక్చర్ ఇవ్వడానికి వస్తున్న సార్ బయోడేటా వాట్సాప్‌లో ఫొటోగా వచ్చింది, మడత పడ్డచోట పీహెచ్‌డీ ఇయర్ 2008ఓ 2003ఓ తెలీట్లేదు. జూమ్ చేస్తే ఇంకా మసక. అందుకే ఊహించకుండా సార్‌కే ఫోన్ చేసి ఇయర్, ఇంటిపేరు ఎలా పలకాలో రెండూ అడిగేశా.

పుట్టిన తేదీ, అడ్రస్, పేపర్ల లిస్టు తీసేశా (అవి చదివితే వెనక బెంచీలు ఫోన్లు తీస్తాయి). టాపిక్ నల్లరేగడిలో పునాదులు కాబట్టి దానికి సంబంధించినవే ఉంచి ఇలా మొదలుపెట్టా:

"వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోయే నల్లరేగడి మీద గోడలు ఎందుకు పగులుతాయో ఇరవై ఏళ్లుగా పరీక్షిస్తున్నవారు ఇవాళ మన ముందున్నారు..."

తర్వాత డిగ్రీ, ఉద్యోగం ఒక్కో వాక్యం. పేరు మాత్రం చివర్లోనే, చప్పట్లు అక్కడే పడతాయి. గట్టిగా చదివితే నిమిషం లోపే అయిపోయింది.