అమ్మకానికి ముందు: దస్తావేజులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉన్నవారికి జాగ్రత్తలు

పోయిన నెలలో అంబాజీపేట వైపు నుంచి ఒక పెద్దావిడ కొడుకుని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. అరవై సెంట్ల కొబ్బరి తోట. 1982లో నాన్నగారు పసుపు కుంకుమ కింద రాసిచ్చారు. అందులో ఆవిడ పేరు పుట్టింటి ఇంటిపేరుతో మంగమ్మ. బడిలో రాయించిన పేరు, ఆధార్‌లో ఉన్న పేరు వెంకట మంగాదేవి. పైగా ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. (ఆవిడెవరో తెలియకూడదని పేర్లు మార్చి రాస్తున్నాను.)

"ఏంటి బాబూ, నా తోట నేను అమ్ముకోడానికి నేను నేను కాదంటున్నారు" అన్నారు. ఆ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఎందుకంటే అప్పటికే చేయకూడని పని ఒకటి చేసేసి వచ్చారు. అడ్వాన్స్ రెండు లక్షలు తీసుకుని, మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ అని అగ్రిమెంట్ రాసుకున్నారు. తర్వాత పేరు సంగతి బయటపడింది. కంగారులో ఎవరో చెప్పిన మాట విని, ఆధార్‌లో పేరుని దస్తావేజులో ఉన్నట్టు మార్పించేశారు.

నేను దస్తావేజులు రాయడం మొదలుపెట్టి పాతికేళ్లు దాటింది. దాళ్వా మాసూళ్లు అయిపోయి, కాలువలు కట్టేసే రోజుల్లో బేరాలు జోరుగా కుదురుతాయి. పేర్ల గొడవలు కూడా అప్పుడే నా బల్ల మీదికి వస్తాయి. ఒరిజినల్ జాగ్రత్త చేసుకోండి, ఈసీ తీయించండి లాంటివి అందరికీ తెలుసు, వాటి జోలికి పోను. ఈ ఒక్క తప్పు గురించే చెబుతాను: దస్తావేజుకి సరిపోవాలని ఆధార్ మార్చకండి.

ఆవిడకి ఏం జరిగిందో చూడండి. ఆధార్‌లో మంగమ్మ అయింది. పాన్‌లో, బ్యాంకు ఖాతాలో వెంకట మంగాదేవి అలాగే ఉంది. తోట డబ్బు ఏ పేరు మీద డీడీ తీయాలో కొనేవారికి తెలియలేదు. 2004లో భర్తతో కలిసి కొన్న ఇంటి స్థలం ఒకటుంది, దాని దస్తావేజు వెంకట మంగాదేవి పేరు మీద శుభ్రంగా ఉండేది. ఇప్పుడు అది కూడా ఆధార్‌తో కలవదు. ఒక ఆస్తికి ఉన్న చిక్కు రెండు ఆస్తులకి పట్టుకుంది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఏమిటంటే, కొనేవారి లాయరు ఆధార్‌లో ఎప్పుడెప్పుడు ఏం మారిందో చూపే హిస్టరీ తీయించి ఇమ్మన్నారు. పేరు మారి ఇరవై రోజులు కూడా కాలేదని కనబడింది. ఆ లాయరు తప్పుగా ఆలోచించలేదు. అమ్మకానికి ముందు హడావిడిగా దస్తావేజు పేరు పెట్టుకున్న మనిషిని ఎవరైనా అనుమానిస్తారు. బేరం పోయింది. గడువు దాటింది. అడ్వాన్స్ తిరిగి ఇవ్వాలి, అది అప్పటికే ఇంటి మరమ్మతులో కలిసిపోయింది.

ఇంకో మాట. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం మామూలుగా జీవితంలో రెండుసార్లే. ఆవిడ ఒకటి వాడేశారు. పాత పేరుకి వెనక్కి వెళ్లాలంటే రెండోది కూడా అయిపోతుంది.

అసలు ఆ దస్తావేజులో తప్పు లేదు. 1982లో ఊరంతా ఆవిడని మంగమ్మ అనే పిలిచేది, తండ్రి అదే రాయించారు. ఆధార్‌లోనూ తప్పు లేదు. ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని చెప్పే కాగితం లేదు, అంతే. లేని కాగితం తయారు చేసుకోవాలి గానీ, సరిగ్గా ఉన్న కాగితాన్ని చెడగొట్టుకోకూడదు.

అందుకని మొదట మీ తేడా ఏ రకమో తేల్చుకోండి. పేరు అప్పుడు నిజంగా అదే అయి, తర్వాత పెళ్లి వల్లో బడి పేరు వల్లో మారిందా? అయితే దస్తావేజు సవరించే పని లేదు, రెండు పేర్లనీ కలిపే ఆధారాలు కావాలి. అప్పుడే రాతలో పొరపాటు దొర్లిందా, అంటే సత్యవతి అని ఉండాల్సిన చోట సత్యవాణి అని పడిందా? అయితే సవరణ దస్తావేజు. దాన్ని మీరొక్కరే రాసుకుంటే చెల్లదు, పాత దస్తావేజు రాసిచ్చినవారు కూడా సంతకం చేయాలి. వారు పోయి ఉంటే వారి వారసులందరూ రావాలి. దస్తావేజు, ఆధార్ రెండూ సరిగ్గా ఉండి 1-బి, అడంగల్‌లో మాత్రమే పేరు తప్పు పడిందా? అది రెవెన్యూ పని, తహసీల్దారుకి అర్జీ పెట్టుకోవాలి. ఇక పాన్, ఓటరు కార్డు, బడి సర్టిఫికెట్, దస్తావేజు అన్నీ ఒకే మాట చెబుతూ ఆధార్ ఒక్కటే వేరుగా ఉంటే, ఆ ఒక్క సందర్భంలోనే ఆధార్ దిద్దించండి.

పేరుతో పాటు చిరునామా తేడా చూసి కూడా కొందరు బెదిరిపోతారు. ఆవిడ దస్తావేజులో తూర్పు గోదావరి జిల్లా, అమలాపురం తాలూకా అని ఉంది. మండలాలు వచ్చింది 1985లో, కోనసీమ జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో. కాబట్టి పాత కాగితంలో అవి ఉండవు. దాన్ని సవరించక్కర్లేదు. కొత్త దస్తావేజు షెడ్యూల్‌లో పాత తాలూకా, ఇప్పటి మండలం రెండూ రాస్తే సరిపోతుంది.

ఇప్పుడు ఆధారాల సంగతి. నోటరీ దగ్గర అఫిడవిట్ ఒకటి చేయిస్తే పనైపోతుందని చాలామంది నమ్మకం. అఫిడవిట్ కావాలి, కానీ అది మీ గురించి మీరు చెప్పుకునే మాట. దాని వెనక వేరేవాళ్లు రాసిన కాగితాలుండాలి. ఆవిడ విషయంలో నేను ఇంట్లో ట్రంకుపెట్టె వెతకమన్నాను. నాన్నగారు పోయినప్పుడు తీసిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ దొరికింది. అందులో కూతురు ఒక్కరే, పేరు మంగమ్మ, పక్కన భర్త పేరు. ఆధార్ మార్చకముందు తీసిన కాపీలో, ఓటరు కార్డులో అదే భర్త పేరు పక్కన వెంకట మంగాదేవి. రెండూ పక్కపక్కన పెడితే ఒకే మనిషని ఎవరికైనా అర్థమవుతుంది. కూతురు ఒక్కరే అన్న మాట చాలా విలువైనది. రేపు ఎవరో వచ్చి, మంగమ్మ అంటే చిన్నప్పుడే పోయిన ఇంకో అమ్మాయి, ఈవిడ కాదు అనే వీలుండదు.

ఇంతకన్నా గట్టి ఆధారం ఇంకొకటి దొరికింది. రాసిచ్చినవారి వేలిముద్ర రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంటుంది గానీ, 2001కి ముందు దస్తావేజుల్లో పుచ్చుకున్నవారి ముద్ర సాధారణంగా ఉండదు. తోట ఆవిడకి తండ్రి రాసిచ్చారు కాబట్టి అక్కడున్నది తండ్రి ముద్రే. అయితే తొంభైల్లో ఆవిడ ఆ తోట మీద సొసైటీలో అప్పు తీసుకుని తనఖా రిజిస్టర్ చేయించారు, తర్వాత తీర్చేశారు. ఆ తనఖా మంగమ్మ పేరుతో ఆవిడే రాసిచ్చారు, అందులో ముద్ర ఆవిడదే. పేరు మారినా వేలు మారదు కదా. మీరూ ఎప్పుడైనా ఆ భూమి మీద రిజిస్టర్డ్ తనఖా పెట్టి ఉంటే దాని నకలు మొదట తీయించండి. ఈసీలో కనబడుతుంది. 1983కి ముందుదైతే కంప్యూటర్ ఈసీలో రాదు, ఆఫీసులో పాత సూచికలు వెతికించాలి.

ఆవిడ తమ్ముళ్లిద్దరూ మంచివాళ్లు. కొత్త దస్తావేజులో సాక్షులుగా సంతకం పెడతామన్నారు. నేను రాసిన వాక్యం ఇది, కావాలంటే మీ లేఖరికి చూపించండి: "1982లో నా తండ్రిగారు నాకు రాసి రిజిస్టరు చేయించిన దస్తావేజులో మంగమ్మ అని చెప్పబడిన వ్యక్తిని, ఆధార్, పాన్ కార్డులలో వెంకట మంగాదేవి అని ఉన్న వ్యక్తిని నేనే అయి ఉన్నాను." మొదటి పేజీలో పేరు దగ్గర కూడా వెంకట మంగాదేవి అలియాస్ మంగమ్మ అని, తండ్రి పేరు, భర్త పేరు రెండూ వేశాను. ఇప్పుడు కొత్తగా వచ్చిన కొనుగోలుదారు లాయరు ఆ కట్టంతా చూసి ఒప్పుకున్నారు. కానీ ధర పాత బేరం కన్నా తగ్గింది. ఆధార్‌ని వెనక్కి మార్చేదాకా రిజిస్ట్రేషన్ ఆగింది, ఇప్పటికీ ఆగే ఉంది.

మిగతావి వరసగా చెబుతాను.

అడ్వాన్స్ ముట్టుకోకముందు దస్తావేజు, ఆధార్, పాన్, పాస్ పుస్తకం నాలుగూ ఒక మంచం మీద పరిచి, పేరు అక్షరం అక్షరం పైకి చదవండి. మీరు కాదు, చదువుకున్న పిల్లల చేత చదివించండి. మనకి తెలిసిన పేరు కాబట్టి మన కంటికి తప్పు కనబడదు.

తేడా ఉంటే కొనేవారికి ముందే చెప్పండి. దాచి తర్వాత దొరికితే నిజమైన కాగితం చూపించినా నమ్మరు.

ఆధారాలు చేతికి రాకముందే అగ్రిమెంట్ రాయాల్సి వస్తే, పేరు తేడా సంగతి అందులోనే రాసి, ఆధారాలు కొనేవారి లాయరు ఒప్పుకున్న రోజు నుంచి గడువు లెక్కపెట్టమనండి.

కొనేవారు బ్యాంకు లోను తీసుకుంటుంటే బ్యాంకు లాయరుకి కాగితాలు ముందే పంపండి. సబ్ రిజిస్ట్రార్ రిజిస్టర్ చేశారంటే హక్కు తేలిపోయినట్టు కాదు. ఆయన ముఖ్యంగా చూసేది రాసిచ్చే మనిషి ఎవరన్నది.

అన్నదమ్ములతో మాటల్లేకపోతే అమ్మకం మొదలుపెట్టకముందే మాట్లాడుకోండి. వాళ్లు ఈవిడ కాదని అడ్డం తిరిగితే తహసీల్దారు తేల్చలేరు, సివిల్ కోర్టులో డిక్లరేషన్ దావా వేసుకోవాలి. అది మూడు నెలల పని కాదు.

సంతకం ఎప్పుడూ పెట్టేదే పెట్టండి. ఆ రోజు కోసం కొత్త సంతకం నేర్చుకోకండి.

పేరు కలవలేదని ఇంకొకరిని నిలబెడతామనే బ్రోకరుని గుమ్మం దాటనివ్వకండి. అది జైలుకెళ్లే నేరం.

పాత దస్తావేజు మీద పెన్నుతో ఒక్క గీత కూడా పెట్టకండి. దిద్దకండి.

కొత్త దస్తావేజు చిత్తుప్రతిలో అలియాస్ ఉందో లేదో మీరే చూడండి. ఆన్‌లైన్‌లో పేర్లు ఎక్కించేటప్పుడు కూడా రెండు పేర్లూ ఎక్కించమనండి. లేకపోతే రేపు ఎవరైనా పేరుతో వెతికితే లింకు తెగిపోయినట్టు కనబడుతుంది.

పైన చెప్పిన ఆ ఒక్క సందర్భంలో తప్ప ఆధార్ మార్చకండి. ఎవరు చెప్పినా, నెట్ సెంటర్ కుర్రాడు పది నిమిషాల్లో అయిపోతుందన్నా, కొనేవారే మార్పించుకు రమ్మన్నా సరే. ఇప్పటికే మార్పించేసి ఉంటే మళ్లీ కేంద్రానికి పరిగెత్తకండి. ముందు పాత ఆధార్ కాపీ ఎక్కడుందో వెతికి పట్టుకుని, ఆ కాపీ, పాన్, దస్తావేజు మూడూ తీసుకుని లాయరు దగ్గరికి వెళ్లండి.