గెయిన్ తగ్గిస్తే ఊగిసలాట పెరిగింది: నా అనుభవం

మోటారు స్థానాన్ని నియంత్రించే నా లూప్ ఇది:

```
L(s) = K(s+1)²/s³
```

K = 2 వద్ద చిన్న కదలికలు చక్కగా కుదురుకునేవి, పెద్దవి ఊగిపోయేవి. అందరిలాగే గెయిన్ తగ్గించాను. 0.4 వద్ద చిన్న కదలిక కూడా సుమారు 7 సెకన్లకోసారి ఊగుతూ పెరిగింది!

పోలార్ ప్లాట్ గీశాక విషయం తెలిసింది. వక్రం ఋణ వాస్తవ అక్షాన్ని −2K వద్ద దాటుతుంది. K = 2 అయితే అది −4; కీలకమైన −1 బిందువు దానికి కుడివైపున ఉంటుంది, లూప్ స్థిరం. గెయిన్ తగ్గితే వక్రం కుంచించుకుంటుంది. K 0.5 కంటే తగ్గగానే ఖండన బిందువు −1ను దాటి మూలబిందువు వైపు జరుగుతుంది, స్థిరత్వం పోతుంది.

పెద్ద కదలికల్లో జరిగిందీ ఇదే. యాంప్లిఫయర్ సంతృప్తమైతే ఫలిత గెయిన్ తనంతట తానే పడిపోతుంది. అందుకే K = 2 అలాగే ఉంచి, యాంప్లిఫయర్ హద్దును తాకినంతసేపు కంట్రోలర్‌లోని రెండు ఇంటిగ్రేటర్లనూ ఆపాను. అప్పుడు మిగిలేది K/s. గెయిన్ ఎంత పడిపోయినా అది ఊగదు.