పాత మేనేజరుకు మూడు ప్రశ్నల మెసేజ్ ఎలా రాయాలి?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో రొయ్యల చెరువులకు టెక్నీషియన్లను వెతికిపెట్టడం నా పని. ఒక అభ్యర్థి గురించి పాత మేనేజరును "ఎలాంటివాడండీ?" అని అడిగితే దాదాపు ప్రతిసారీ వచ్చే జవాబు ఒక్కటే: "మంచి కుర్రాడేనండీ." ఆ ఒక్క మాటను నమ్ముకుని రాత్రంతా చెరువును అతని చేతికి వదిలేయలేం. మేనేజరు అబద్ధం చెప్పాడని కాదు, మన ప్రశ్నకు అంతకంటే జవాబు లేదు.

మెసేజ్ రాయకముందే అభ్యర్థి అనుమతి తీసుకోండి. ఎవరిని అడగాలో అతనే చెప్పాలి. ఇప్పుడు పనిచేస్తున్న చోట అతనికి తెలియకుండా వాకబు చేస్తే ఉన్న ఉద్యోగానికే ఎసరు రావచ్చు. పట్నంలో ఉండే యజమాని పేరు ఇస్తే, గట్టు మీద ఉండి పని చూసిన మనిషి పేరు కూడా అడగండి.

తర్వాత, ఈ ఉద్యోగంలో తప్పు జరిగితే ఎక్కడ జరుగుతుందో ఆలోచించండి. ప్రశ్నలు అక్కడినుంచే పుట్టాలి. ఉదాహరణకు, కొత్తపట్నం వైపు పనిచేసిన ఒకతను ముత్తుకూరు వైపు వనామీ చెరువుల్లో రాత్రి డ్యూటీకి దరఖాస్తు చేశాడనుకుందాం. రాత్రివేళ నీటిలోని నాచు కూడా ఆక్సిజన్‌ను వాడుకుంటుంది కాబట్టి తెల్లవారే ముందు ఆక్సిజన్ బాగా పడిపోతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే తగ్గితే రొయ్యలకు ప్రమాదం. అదే సమయంలో కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే, జనరేటర్ వేయించడంలో జరిగే ఆలస్యానికి పంట మొత్తం బలి కావచ్చు. అందుకే ఈ అభ్యర్థి విషయంలో నేను తెలుసుకోవలసింది ముందుగా రాత్రి మెలకువ గురించి, ఆ తర్వాత మేత గురించి.

మెసేజ్ ఫోనులో ఒక్క చూపులో చదవగలిగేలా ఉండాలి. నేను పంపేది ఇలా ఉంటుంది:

"నమస్కారం అండీ. నేను నెల్లూరు నుంచి (పేరు). మీ దగ్గర పనిచేసిన (అభ్యర్థి పేరు) గారిని ముత్తుకూరు దగ్గర రొయ్యల చెరువులకు రాత్రి టెక్నీషియన్‌గా తీసుకోవాలని చూస్తున్నాం. మీ నంబరు ఆయనే ఇచ్చారు. మూడు విషయాలు చెప్పగలరా?
1. రాత్రి ఆక్సిజన్ పడిపోయినప్పుడో, కరెంటు పోయినప్పుడో ఆయన ఏం చేశారు? మీకు గుర్తున్న ఒక సందర్భం చెప్పండి.
2. చెక్ ట్రేలో మేత మిగిలితే తర్వాతి మేత ఆయనే తగ్గించేవారా, మీరు చెప్పేదాకా ఆగేవారా?
3. మళ్లీ మీ దగ్గరికి వస్తే ఏ పని ఒంటరిగా అప్పగిస్తారు? ఏ పనిలో మీరు పక్కన ఉండాలి?
గురువారం సాయంత్రంలోగా చెబితే చాలు. రాయడం కంటే మాట్లాడటం తేలికనుకుంటే, వీలైన సమయం చెప్పండి, నేనే ఫోను చేస్తాను."

మొదటి ప్రశ్నలో ప్రాణం "ఒక సందర్భం" అన్న మాటలో ఉంది. "జాగ్రత్తగా ఉంటాడా?" అంటే అవునంటారు. జరిగినది చెప్పమంటే నిజంగా జ్ఞాపకం ఉన్నదే చెప్పగలరు. రెండో ప్రశ్నలో రెండు దారులూ తప్పు కాదు. కొన్ని చోట్ల మేనేజరు చెప్పేదాకా ఆగడమే పద్ధతి. అందుకే మొహమాటం లేకుండా ఏదో ఒకటి చెబుతారు. మూడోది లోపం గురించే అయినా, "లోపాలు ఏమిటి?" అని అడగదు. మన ఊళ్లలో వెళ్లిపోయిన మనిషి లోపాన్ని రాతలో పెట్టడానికి ఎవరూ ఇష్టపడరు. పక్కన ఉండాల్సిన పని ఏదో మాత్రం చెబుతారు.

కులం, పెళ్లి, ఆరోగ్యం, పాత జీతం అడగకండి. నాలుగో ప్రశ్న చేర్చాలనిపిస్తే మూడింటిలో ఒకటి తీసేయండి. గతంలో నేను తొమ్మిది ప్రశ్నలు పంపినప్పుడు, చూశారు కానీ జవాబివ్వలేదు. తెల్లవారుజామున కూడా పంపకండి, అప్పుడు వాళ్లు నీళ్లు చూస్తూ ఉంటారు. మధ్యాహ్నం భోజనం అయ్యాక మేలు.

జవాబు ఇలా వచ్చిందనుకోండి: "రెండు గంటలకు కరెంటు పోతే నన్ను లేపకుండానే జనరేటర్ వేసి, తర్వాత ఫోను చేశాడండీ. రిజిస్టరు మాత్రం పొద్దున ఒకేసారి రాసేవాడు." మొదటి మాట మీకు కావలసిన సాక్ష్యం. రెండోది కూడా చిన్నది కాదు: పొద్దున కూర్చుని రాసిన ఆక్సిజన్ రీడింగులు ఆ గంటకు తీసినవో, ఊహించి నింపినవో తెలియదు. అయినా ఒక్కరి మాటతో అతన్ని పక్కన పెట్టకండి. అదే విషయం అభ్యర్థినే అడగండి, ఎవరు చెప్పారో బయటపెట్టకుండా: "రీడింగు తీసిన ఎంతసేపటికి రాస్తారు?" ఆక్సిజన్ మీటరు ఒక్కటే ఉండి చెరువులు ఎనిమిది ఉన్నాయని అతను చెబితే అది వేరే కథ. అప్పుడు ఉద్యోగం ఇచ్చి, గంటగంటకూ రాయాలన్న షరతును మొదటి రోజే చెప్పవచ్చు.